స్విట్జర్లాండ్ యాత్ర లెక్కల షీటు: ఐదుగురు మనుషులు, మూడు కరెన్సీలు

జర్మనీకి కొత్తగా వచ్చిన మనవాళ్లు నలుగురైదుగురు కలిసి స్విట్జర్లాండ్ వెళ్లి వస్తే, మొత్తం ఖర్చును మనుషుల సంఖ్యతో భాగించి లెక్క తేల్చేయడం సులువుగానే కనిపిస్తుంది. అయితే ఒకరు రెండో రోజున వచ్చి చేరతారు, ఒకరు కొండ ఎక్కకుండా కిందే ఉండిపోతారు, ఇంకొకరు టికెట్లు ఇండియా కార్డుతో కొంటారు. అందువల్ల బయల్దేరే ముందే గూగుల్ షీట్స్‌లో ఒక షీటు తెరిచి, ప్రతి ఖర్చుకూ ఒక వరుస చొప్పున రాసుకోవడం మంచిది.

మ్యూనిక్ నుంచి ఇంటర్‌లాకెన్‌కు రెండు రాత్రుల కోసం వెళ్లిన ఐదుగురిని ఉదాహరణగా తీసుకుందాం. రవి కారు అద్దెకు, పెట్రోలుకు 288 యూరోలు పెట్టాడు. లత బసకు 420 ఫ్రాంకులు కట్టింది, ఆమె బ్యాంకు ఖాతాలో 450 యూరోలు తగ్గాయి. కొండ రైలు టికెట్లకు కిరణ్ ఇండియా కార్డు నుంచి 20,000 రూపాయలు పోయాయి. సుధ బయల్దేరే ముందు 150 యూరోల సరుకులు కొంది. వంశీ ఏమీ ఖర్చు పెట్టలేదు. అతడు రైల్లో ఒక రోజు ఆలస్యంగా వచ్చి, తిరుగు ప్రయాణంలో మాత్రం కారెక్కాడు. సుధ కొండ ఎక్కలేదు.

షీటులో D, E గడుల్లో అసలు మొత్తం, కరెన్సీ ఉంటాయి. F గడిలో యూరోల్లో దాని విలువ ఉంటుంది. ఈ F దగ్గరే తగాదాలు పుడతాయి. ఇంటర్నెట్‌లో కనిపించే ఆనాటి మారకపు రేటును కాక, కార్డు స్టేట్‌మెంటులో చివరికి నమోదైన మొత్తాన్నే రాయాలన్నది నా అభిప్రాయం, ఎందుకంటే బ్యాంకు వసూలు చేసిన రుసుము కూడా అందరి కోసం పెట్టిన ఖర్చే. ఇండియా కార్డుల మీద విదేశీ లావాదేవీ రుసుము, దానిపై జీఎస్టీ కొన్నిసార్లు వేరే పద్దులుగా పడతాయి, వాటినీ కలుపుకోవాలి. రూపాయలను యూరోల్లోకి మార్చడానికి ఏదో ఒక రేటును ముందే ఒప్పుకోవాలి. ఇక్కడ యూరోకు 100 రూపాయలు అనుకుంటే కిరణ్ పెట్టింది 200 యూరోలు. ఇక స్విస్ ఏటీఎం గానీ, దుకాణంలోని యంత్రం గానీ "యూరోల్లో తీసుకోమంటారా?" అని అడిగితే ఫ్రాంకులనే ఎంచుకోవాలి, లేకపోతే ఆ యంత్రం తనకు నచ్చిన రేటు వేస్తుంది.

తర్వాత G నుంచి K వరకు ఒక్కొక్కరి వాటాలు వస్తాయి. కారుకు నలుగురికీ 2, వంశీకి 1. బసకు రాత్రుల లెక్కన మళ్లీ 2, 2, 2, 2, 1. టికెట్లకు సుధకు 0, మిగతావారికి 1. సరుకులకు అందరికీ 1. L గడిలో ఆ వరుస వాటాల మొత్తం ఉంటుంది. మొదటి వరుసలో పేర్లు ఉంటాయి, C గడిలో చెల్లించినవారి పేరు ఉంటుంది. రవి వాటాల కింద, అంటే G6లో, ఈ సూత్రం రాసి, కుడివైపు మిగతా నలుగురికీ లాగితే సరిపోతుంది:

```
=SUMIF($C$2:$C$5;G$1;$F$2:$F$5)-SUMPRODUCT($F$2:$F$5;G2:G5/$L$2:$L$5)
```

మొదటి భాగం అతడు చెల్లించింది, రెండోది అతడు భరించవలసింది. జర్మన్ సెట్టింగులున్న షీటులో మధ్య కామా కాక సెమికోలన్ పెట్టాలి. అదే సెట్టింగులో వాటాను 1.5 అని కొడితే షీటు దాన్ని మే 1 అనుకుంటుంది. తేదీ లోపల 40,000 దాటిన అంకెగా ఉంటుంది కనుక ఆ ఖర్చు దాదాపు అంతా ఒక్కరి నెత్తినే పడుతుంది. అందుకే వాటాలను పూర్ణాంకాల్లోనే రాయాలి.

మన ఉదాహరణలో లతకు 206, రవికి 44 యూరోలు రావాలి. కిరణ్ 44, సుధ 44, వంశీ 162 ఇవ్వాలి. ఐదు అంకెలనూ కలిపితే సున్నా రావాలి. రాకపోతే సాధారణంగా C గడిలో ఎవరిదో పేరు మొదటి వరుసలో ఉన్నట్టు రాయలేదన్నమాట, పేరు తర్వాత ఒక ఖాళీ ఉన్నా చాలు. అయితే పైన చెప్పిన తేదీ పొరపాటును ఈ పరీక్ష పట్టుకోలేదు, మొత్తం అప్పుడూ సున్నాయే వస్తుంది. దాన్ని L గడిలోని అసాధారణమైన అంకెను చూసే పట్టుకోవాలి.

ఏ ఖర్చుకు ఆ ఖర్చు విడివిడిగా తీర్చుకుంటే ఇక్కడ 15 చెల్లింపులు అవుతాయి. నికరంగా చూస్తే ఐదుగురికి నాలుగు మించవు, ఎందుకంటే ప్రతి చెల్లింపుతోనూ కనీసం ఒకరి లెక్క పూర్తిగా తీరిపోయేలా చూడవచ్చు, చివరి చెల్లింపుతో ఇద్దరిదీ తీరుతుంది. అంతకంటే తగ్గాలంటే, తమలో తామే సున్నాకు వచ్చే చిన్న జట్లు ఉన్నాయేమో వెతకాలి. ఇక్కడ కిరణ్ ఇవ్వవలసిన 44 సరిగ్గా రవికి రావలసినదే కనుక వారిద్దరూ ఒక జట్టు. సుధ 44, వంశీ 162 లతకు ఇస్తే ఆమె 206 తీరుతుంది. మొత్తం మూడే బదిలీలు. పెద్ద బాకీని పెద్ద రాబడితో కలుపుతూ పోయే పద్ధతి ఇలాంటి జతలను కొన్నిసార్లు విడగొట్టేస్తుంది, అందుకని సమానమైన అంకెలను ముందు చూసి, మిగిలినవాటికి ఆ పద్ధతిని వాడండి.

బదిలీలు మాత్రం కార్డు పద్దులన్నీ ఖరారయ్యేదాకా ఆపండి. కారు అద్దె సంస్థ కార్డు మీద పట్టి ఉంచిన డిపాజిట్టు ఖర్చు కాదు, అది షీటులోకి రాకూడదు.