ఎఫెమరల్‌కు అర్థం చివర్లో రాసుకో

చిరంజీవి తల్లికి పెద్దనాన్న ఆశీస్సులు.

జీఆర్ఈ పరీక్ష కోసం నువ్వు రాసుకుని పంపిన ఇంగ్లీషు పదాల పట్టిక చూశాను. ఎఫెమరల్ ఎదురుగా 'తాత్కాలికం' అనీ, యుబిక్విటస్ ఎదురుగా 'సర్వవ్యాపి' అనీ రాసుకున్నావు. నిఘంటువు పక్కన పెట్టుకుని చూస్తే రెండూ తప్పని అనలేం. కానీ పరీక్షలో ఖాళీ పూరించమన్నప్పుడు ఈ రెండు అర్థాలే నిన్ను పక్కదారి పట్టిస్తాయి.

ఆరు నెలల కాంట్రాక్టు ఉద్యోగం ఉందనుకో. అది తాత్కాలికమే, ఇంగ్లీషులో టెంపరరీ. దాన్ని ఎవరూ ఎఫెమరల్ జాబ్ అనరు. టెంపరరీ అంటే ఎవరో ఒక గడువు పెట్టారని. ఎఫెమరల్ అంటే ఆ వస్తువు స్వభావమే అంత, ఎవరూ ఆపకపోయినా తనంతట తానే చెల్లిపోతుంది. ఈ తేడా పట్టికలో ఒక్క మాట ఎదురుగా ఇంకో మాట పెడితే ఎప్పటికీ కనిపించదు. ఆ మాట దేని పక్కన కూర్చుంటుందో చూసినప్పుడే కనిపిస్తుంది. అందుకే ఈ లేఖలో ఎఫెమరల్ ఒక్కదాన్నే పట్టుకుని, దాన్ని ఎలా కలుసుకోవాలో మొదటినుంచీ చెబుతాను. మిగతావి నువ్వే చేసుకోగలవు.

మొదటిసారి ఆ మాట భూగోళం వ్యాసంలో ఎదురైందనుకో: ఎడారిలో ఎఫెమరల్ స్ట్రీమ్స్ ఉంటాయి, మ్యాపులో వాటిని చుక్కల గీతతో చూపిస్తారు అని. ఇక్కడ ఆగి, నిఘంటువు తెరవకుండా, నీ ఊహ పెన్సిలుతో రాయి. చాలామంది 'సన్నని' అనో 'ఎండిపోయిన' అనో రాస్తారు. రాయనీ. ఒక్క వాక్యం చూసి అర్థం పట్టేయొచ్చని చెప్పేవాళ్ల మాట నేను నమ్మను. చాలా వాక్యాలు రచయిత తన పని కోసం రాసుకున్నవి, మనకు పదం నేర్పడానికి రాసినవి కావు. వాటిలో ఆధారం దొరకనూవచ్చు, దొరక్కపోనూవచ్చు.

రెండోసారి జీవశాస్త్రంలో చూస్తావు. మేఫ్లై అనే పురుగుల క్రమానికి ఎఫెమెరాప్టెరా అని పేరు. అవి నీటిలో పిల్లపురుగులుగా నెలల తరబడి బతుకుతాయి. రెక్కలొచ్చి పైకి ఎగిరాక మాత్రం కొన్ని గంటలో, ఒకటి రెండు రోజులో, అంతే. ఇప్పుడు నీ 'సన్నని' నిలబడదు, 'ఎండిపోయిన' అసలే నిలబడదు. ఆ ఎడారి వాగు దగ్గరికి మళ్లీ వెళ్లి చదువు. వాన కురిసినప్పుడు పారి, కాసేపటికి మాయమయ్యే వాగు అని తెలుస్తుంది. గ్రీకులో ఈ మాటకు మూలం 'ఒక్క రోజు ఉండేది' అని. ఆ సంగతి ఈ దశలో తెలిస్తే మనసులో నాటుకుంటుంది. మొదటే చెబితే అదీ ఇంకో బట్టీ అవుతుంది.

మూడోసారి సంపాదకీయంలో ఎఫెమరల్ ఫేమ్ అని చూస్తావు, ఒక్క వీడియోతో వచ్చి నెల తిరిగేసరికి పోయే పేరు గురించి. అప్పుడు నిఘంటువు తెరిచి నీ ఊహ సరిచూసుకో. ఈ సరిచూసుకోవడం మానేయకు. ఊహలోని తప్పు అలాగే ఉండిపోతే, తర్వాత దాన్ని పెకిలించడం కొత్తగా నేర్చుకోవడం కంటే కష్టం. మాటనూ దాని తోడు మాటనూ జంటగా రాసి, అర్థాన్ని ఆ జంటల కింద చివర్లో రాసుకో. పేజీలో పైన ఉండాల్సింది స్ట్రీమ్, ఫేమ్ లాంటి తోడు మాటలు.

ఇక్కడ ఒక చిక్కుంది. రోజూ పత్రిక చదువుతూ కూర్చుంటే ఈ మాటలు మూడుసార్లు ఎదురవడానికి ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేం. అరుదైనవి కాబట్టే వాటిని పరీక్షలో పెడతారు. కాబట్టి ఒకసారి ఎదురైన మాటను మనమే వెతుక్కుంటూ వెళ్లాలి. వెతుకులాట పెట్టెలో కోట్ గుర్తులతో ఇలా టైప్ చెయ్యి:

```
"ephemeral nature of"
"ubiquitous in"
```

వార్తల ట్యాబ్‌లో చూడు. నిఘంటువు సైట్లు వస్తే దాటెయ్, అక్కడి ఉదాహరణలు పదం కోసం అల్లినవి. 'ఎఫెమరల్ నేచర్ ఆఫ్' తర్వాత ఏం వస్తోందో చూడు: అందం, కీర్తి, నాటక ప్రదర్శన, ఆన్‌లైన్‌లో మాయమైపోయే పోస్టులు. నాలుగు వాక్యాలు చాలు, నలభై వద్దు.

యుబిక్విటస్‌ను కూడా ఇలాగే చూస్తే నీ 'సర్వవ్యాపి' ఎక్కడ తేడా కొడుతుందో తెలుస్తుంది. తెలుగులో ఆ మాట వినగానే దేవుడు గుర్తొస్తాడు. ఈనాటి ఇంగ్లీషులో ఆ చోట ఎక్కువగా కనిపించేది ఆమ్నిప్రెజెంట్. యుబిక్విటస్ మాత్రం సెల్‌ఫోన్లకూ, ప్లాస్టిక్ సంచులకూ, ప్రకటనలకూ వాడతారు: ఎటు చూసినా అదే అని. ఒక్కోసారి అందులో కాస్త విసుగు కూడా ధ్వనిస్తుంది. సైన్సు చదివిన దానివి కాబట్టి నీకు దగ్గరి తోడు ఇంకోటి ఉంది. యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌కు ఆ పేరు వచ్చింది దాదాపు అన్ని రకాల కణజాలాల్లోనూ కనిపించడం వల్లే. కణం పనికిరాని ప్రోటీన్లను గుర్తుపెట్టి తీసేయడంలో దాని పాత్ర కనిపెట్టినవారికి 2004లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. ఆ పాఠం నువ్వు ఎప్పుడో చదివావు, ఈ మాట అక్కడే ఉంది.

ఇప్పుడు పరీక్ష సంగతి. జీఆర్ఈలో 2011 ఆగస్టు నుంచి విడి పదానికి వ్యతిరేక పదం అడిగే ప్రశ్నలు తీసేసి, వాక్యంలో ఖాళీలు పూరించేవి ఉంచారు. ఒక రకంలో ఆరు మాటలిచ్చి, వాక్యానికి ఒకే అర్థం తెచ్చే రెండింటిని ఎంచుకోమంటారు. ఇలాంటి ఖాళీ అనుకో: 'ఆ ఉద్యమానికి వచ్చిన ఉత్సాహం ____ అని విమర్శకులు తీసిపారేశారు, ఇరవై ఏళ్లయినా అది చల్లారలేదు.' మాటలు: ఎఫెమరల్, యుబిక్విటస్, ఫ్లీటింగ్, పర్వేసివ్, ఇనిక్విటస్, సిన్సియర్. యుబిక్విటస్, పర్వేసివ్ కూడా దాదాపు ఒకే అర్థమున్న జంటే కాబట్టి జంట వెతికేవాళ్లు అక్కడ పడతారు. వాక్యం రెండో సగం చూడు. విమర్శకుల మాటను కాలం అబద్ధం చేసింది. అంటే వాళ్లు ఎంతకాలం నిలుస్తుందన్న దాని గురించే మాట్లాడారు, ఎంత దూరం వ్యాపించిందన్న దాని గురించి కాదు. కాబట్టి ఎఫెమరల్, ఫ్లీటింగ్. ఇనిక్విటస్ అంటే అన్యాయమైన అని. యుబిక్విటస్‌ను చెవితో మాత్రమే గుర్తుపెట్టుకున్నవాళ్లను తడబెట్టడానికి అలాంటి మాట ఒకటి పక్కన పెడతారు.

నేర్చుకున్నావో లేదో తెలుసుకోవడానికి అర్థం చెప్పించుకోకు. వారం తర్వాత నీ జంటల్లో విశేషణం మూసేసి, స్ట్రీమ్, ఫేమ్ మాత్రం చూసి మాట గుర్తొస్తుందా చూడు. తర్వాత, ఆ మాట అతకని నామవాచకం ఒకటి చెప్పు, ఎందుకు అతకదో కూడా చెప్పు. అద్దె ఇంటి చిరునామాను ఎఫెమరల్ అడ్రస్ అని ఎందుకు అనరో చెప్పగలిగితే ఆ మాట నీది.

ఈ పద్ధతి నెమ్మది. రోజుకు రెండు మూడు మాటలకు మించి సాగదు. పరీక్ష మూడు వారాల్లోకి వచ్చేస్తే పట్టికే దిక్కు, అప్పుడు కూడా ప్రతి మాటకూ ఒక్క తోడు మాటైనా చేర్చు. నీకింకా ఐదు నెలలుంది కాబట్టి పట్టికలో నువ్వు తరచూ తప్పు చేస్తున్న మాటలు ముందు తీసుకో. ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఈ వారం జంటలు చదివి వినిపించు, అతకనివి ఏమైనా ఉంటే అక్కడే తేల్చుకుందాం.

నీ
పెద్దనాన్న