కాల్ ట్రాన్స్‌క్రిప్ట్‌ టైమ్‌లైన్‌లో వరుస తారుమారైతే

"తిరుపతిలో మా లాడ్జి బుకింగ్ సైటు ఆగినప్పటి కాల్ ట్రాన్స్‌క్రిప్ట్‌తో టైమ్‌లైన్ రాశాను. సైటు కోలుకున్నాక డేటాబేస్ రీస్టార్ట్ చేసినట్టు వస్తోంది!"

మాట చెప్పిన సమయాన్నే పని జరిగిన సమయంగా రాసి ఉంటారు.

1. ట్రాన్స్‌క్రిప్ట్‌లో 00:17:00 అంటే రికార్డింగ్ మొదలై 17 నిమిషాలు. రికార్డింగ్ ఉదయం 10:04కు మొదలైతే అది 10:21.

2. చాలామంది వదిలేసేది ఇదే. 10:21కి డేటాబేస్ చూసే ఇంజినీర్ "పది నిమిషాల క్రితం రీస్టార్ట్ చేశాను" అని ఉంటే, అది అంచనా మాత్రమే. సర్వర్ లాగ్ చూడండి. యూటీసీలో 04:39 ఉంటే మనకు 10:09. ఎర్రర్లు 10:12కు తగ్గాయంటే వరుస కుదిరినట్టే.

3. 10:21 నమోదును కొట్టేయకండి. "రీస్టార్ట్ సంగతి కాల్‌లో తెలిసింది" అని విడిగా ఉంచండి. 10:09 నుంచి 10:21 దాకా ఆ 12 నిమిషాలు మిగతావారు ఏమి తెలియక ఎక్కడ వెతికారో అక్కడే కనిపిస్తుంది. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన నమోదు అదే.

రీస్టార్ట్ చేసినవారి పేరుకు బదులు "డేటాబేస్ ఆన్‌కాల్" అని రాయండి. "చెప్పకుండా చేశారు" అన్న తీర్పు వద్దు.