హాట్‌స్పాట్ కోసం కలిపితే ఓటీపీ కూడా వచ్చింది

ప్రశ్న: మా అబ్బాయి క్రోమ్‌బుక్‌కి నా ఆండ్రాయిడ్ ఫోన్ కలిపాం. ఫోన్ ముట్టుకోకుండానే నెట్ వస్తోంది, అంతవరకు బాగుంది. కానీ రోజుకి వచ్చే 1.5 జీబీ మధ్యాహ్నానికే అయిపోతోంది. నా బ్యాంకు ఓటీపీలు వాడి స్క్రీన్ మీద పడుతున్నాయి. నోటిఫికేషన్లు ఆపినా మెసేజ్‌లు కనిపిస్తూనే ఉన్నాయి. ఫైళ్లు పంపుకోవడం మాత్రం ఉండాలి. ఏం చెయ్యాలి? (ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు)

డేటా సంగతి తర్వాత, ముందు ఓటీపీ చూద్దాం. ఇదే గోల ఈ మధ్య చాలామంది రాస్తున్నారు, దాదాపు అందరిదీ ఒకటే కథ: లాప్‌టాప్ పిల్లాడిది, అందులో లాగిన్ చేసింది అమ్మ ఖాతాతోనో నాన్న ఖాతాతోనో. ఫోన్‌లోనూ క్రోమ్‌బుక్‌లోనూ ఒకే గూగుల్ ఖాతా ఉంటేనే ఈ కలపడం కుదురుతుంది. అంటే ఆ క్రోమ్‌బుక్ లెక్కలో వాడేది మీ అబ్బాయి కాదు, మీరే. మీ ఓటీపీ మీకే చూపిస్తున్నానని అది అనుకుంటోంది.

నోటిఫికేషన్లు ఆపినా మెసేజ్‌లు ఎందుకు వస్తున్నాయంటే, దారులు రెండున్నాయి. మొదటిది Phone Hub. ఇది క్రోమ్‌బుక్ Settings లో Connected devices కింద ఉంటుంది, ఫోన్‌కి వచ్చిన నోటిఫికేషన్‌ని లాప్‌టాప్‌లో చూపిస్తుంది, మీరు ఆపింది దీన్నే. రెండోది messages.google.com అనే వెబ్ పేజీ. దాన్ని ఎప్పుడో ఒకసారి ఫోన్‌తో జత చేసి ఉంటారు, అక్కడ కొత్త మెసేజ్ ఒక్కటే కాదు, పాత సంభాషణలన్నీ తెరుచుకుంటాయి. Phone Hub ని ఆపినంత మాత్రాన ఈ జత తెగదు. ఫోన్‌లో Messages యాప్ తెరిచి, పైన మీ బొమ్మ నొక్కి, Device pairing లోకి వెళ్లి అక్కడే తెంచాలి. తెంచాక ఇంకో ఫోన్ నుంచి మీకే ఒక మెసేజ్ పంపి చూడండి, క్రోమ్‌బుక్‌లో రాకపోతే పని అయినట్టే.

ఇక్కడ నాకు చిరాకు తెప్పించేది ఆ సెటప్ తీరు. మనిషి వచ్చింది హాట్‌స్పాట్ కోసం, అదే ఊపులో నోటిఫికేషన్లు కూడా చూపించనా అని ఫోన్ అడుగుతుంది, మనం చదవకుండా Allow నొక్కేస్తాం. ఆ చదవని తప్పు మనదే, కాదనను. కానీ "ఇక నుంచి మీ బ్యాంకు మెసేజ్‌లు ఈ స్క్రీన్ మీద కూడా కనిపిస్తాయి" అని ఒక్క వాక్యం పెద్ద అక్షరాల్లో రాస్తే ఎవరి సొమ్ము పోతుందో నాకు అర్థం కాదు. ఫోన్‌కి లాక్ పెట్టుకుని, దాని లోపలి మెసేజ్‌లన్నీ హాల్లో టేబుల్ మీద తెరిచిపెట్టినట్టుంది ఇది.

అసలు మందు ఖాతాలు వేరు చేయడమే. లాగిన్ తెరలో Add Person నొక్కి అబ్బాయికి వాడి సొంత ఖాతా పెట్టండి, వాడిది చిన్న వయసైతే మీ పర్యవేక్షణలో ఉండే పిల్లల ఖాతా చాలు. వాడి ఖాతాలోంచి మీ ఫోన్ కనపడదు. తర్వాత మీ ఖాతాని ఆ లాప్‌టాప్‌లోంచి తీసేయాలి, అయితే Downloads లో ఉన్నవన్నీ దాంతో పాటే పోతాయి కాబట్టి ముందే డ్రైవ్‌లోకి మార్చుకోండి. ఇంకో చిక్కుంది. మొదట లాగిన్ అయిన ఖాతాయే ఆ మెషిన్‌కి యజమాని, దాన్ని మామూలుగా తీయనివ్వదు. అది మీదే అయితే పవర్‌వాష్ చేసి, అంటే లాప్‌టాప్‌లో ఉన్నదంతా చెరిపేసి, మొత్తం మొదటి నుంచి పెట్టుకోవాల్సిందే.

డేటా అయిపోవడానికి కారణం చిన్నదే. అదే వీడియో ఫోన్‌లో తక్కువ నాణ్యతతో సరిపెట్టుకుంటుంది, పెద్ద స్క్రీన్ కనపడగానే ఫుల్ హెచ్‌డీకి ఎగబాకుతుంది, గంటలో జీబీ పైనే లాగేస్తుంది. ఫోన్ మీద చెయ్యి పెట్టకుండా నెట్ రావడం ఇంకో ఇబ్బంది, ఎందుకంటే ఎప్పుడు మొదలైందో మీకు తెలియదు. ఖాతాలు వేరయ్యాక మామూలు హాట్‌స్పాట్ వాడండి, మీరు ఆన్ చేస్తేనే వస్తుంది. వీడియో 480p కి దించమని అబ్బాయికి చెప్పండి, వింటాడన్న హామీ నేనివ్వలేను.

ఫైళ్లు పంపుకోవడానికి ఒకే ఖాతా అక్కర్లేదు, Quick Share చాలు. ఒకప్పటి Nearby Share ని 2024 జనవరిలో Quick Share అని మార్చారు, పాత పేరు కోసం వెతుక్కునేవాళ్లు ఇంకా రాస్తూనే ఉన్నారు. రెండింట్లోనూ బ్లూటూత్, వైఫై ఆన్‌లో ఉంచి, ఫైల్ అందుకునే దాన్ని 10 నిమిషాలపాటు అందరికీ కనపడేలా పెట్టి పంపండి. ఫైల్ వచ్చినప్పుడు అటువైపు ఒప్పుకోవాలి. Quick Share సెట్టింగుల్లో మొబైల్ డేటా వాడుకునే ఎంపిక కనిపిస్తే దాన్ని ఆపి ఉంచండి, మీ 1.5 జీబీకి ఢోకా ఉండదు. బస్సులోనో హాస్టల్లోనో ఉంటే మాత్రం అందరికీ కనపడేలా వదిలేయకండి, తెలియని ఫోన్ నుంచి ఏదైనా వస్తే ఒప్పుకోకండి.