ఫోన్‌లో ఒక రంగు, ఆల్బమ్‌లో ఇంకో రంగు: ఇంకో కోర్సు కావాలా?

"మా అబ్బాయి డిగ్రీ అయ్యాక గుంటూరులో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తున్నాడు. ఫోన్‌లో చక్కగా ఉన్న ముఖాలు ప్రింట్‌లో నల్లగా, ఎర్రగా వస్తున్నాయని కస్టమర్లు తిరగ్గొడుతున్నారు. ఇంకో ఫోటోషాప్ కోర్సులో చేర్పించమంటారా?"
– ఒక తండ్రి, బ్రాడీపేట

వద్దండి. ఆ కోర్సు డబ్బుతో ముందు మానిటర్ కాలిబ్రేటర్, అంటే స్క్రీన్ రంగుల్ని కొలిచి సరిచేసే చిన్న పరికరం, కొనిపించండి. నలుపుకీ ఎరుపుకీ కారణాలు వేరు కాబట్టి వాటిని విడివిడిగా పట్టుకోవాలి.

నలుపుకి చాలాసార్లు మానిటర్ వెలుగే కారణం. వెలుగు పూర్తిగా పెంచి పనిచేస్తే ముఖం తెల్లగా పాలిపోయినట్టు కనిపిస్తుంది, దాంతో చేయి తనంతట తనే ఫోటో వెలుగును తగ్గించేస్తుంది. కాగితానికి సొంత వెలుగు లేదు కాబట్టి తగ్గించినదంతా నలుపుగా దిగుతుంది. కాలిబ్రేటర్‌తో తెలుపును 6500 కెల్విన్‌కి, మధ్య ఛాయల వెలుగును నిర్ణయించే గామాను 2.2కి, వెలుగును 100 నిట్స్ దగ్గరికి తెచ్చుకోవాలి. మొదటి వారం స్క్రీన్ మసకగా, పసుపుగా అనిపిస్తుంది, మళ్లీ పెంచకూడదు.

తర్వాత విజయవాడలోనో గుంటూరులోనో ఆల్బమ్ వేసే ల్యాబ్‌ని, వాళ్ల మెషీన్‌కీ ఆ పేపర్‌కీ సరిపోయే ఐసీసీ ప్రొఫైల్, అంటే ఆ మెషీన్ ఆ పేపర్ మీద ఏ రంగును ఎలా వేస్తుందో చెప్పే ఫైల్, అడగాలి. మ్యాట్‌కీ గ్లాసీకీ ఒకటే ఇస్తే నమ్మకండి. ఫోటోషాప్‌లో `View > Proof Setup > Custom` తెరిచి, `Device to Simulate` దగ్గర ఆ ప్రొఫైల్ పెట్టి, `Relative Colorimetric`, `Black Point Compensation` ఎంచుకుంటే ప్రింట్ ఎలా వస్తుందో ముందే కనిపిస్తుంది. `Ctrl+Y` నొక్కుతూ మామూలు రూపాన్నీ ప్రింట్ రూపాన్నీ పోల్చుకోవచ్చు. `Gamut Warning` పెడితే పెళ్లికూతురి ఎర్ర పట్టుచీర మీద బూడిదరంగు మచ్చలు రావచ్చు. ఆ ఎరుపు కాగితం మీద పలకదని అర్థం. అప్పుడు చీరకే మాస్క్ వేసి రంగు తగ్గించాలి. మొత్తం ఫోటోకి తగ్గిస్తే ముఖంలో కళ పోతుంది. ల్యాబ్ ఇచ్చిన ఈ ప్రొఫైల్ స్క్రీన్ మీద చూసుకోవడానికే. ల్యాబ్ వేరేగా అడగకపోతే ఫైల్‌ని sRGB అనే మామూలు రంగుల ప్రమాణంలోకి మార్చి, ఆ ప్రొఫైల్ జతచేసి పంపాలి.

ఇక ఎరుపు. ఒక ముఖం, పక్కన R, G, B మూడూ 128 ఉన్న బూడిద చతురస్రం పెట్టి, ల్యాబ్‌లో ఆటో కరెక్షన్ ఆపించి చిన్న ప్రింట్ తీయించండి. దాన్ని ట్యూబ్‌లైటు కింద కాకుండా పగలు కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడని చోట చూడాలి. బూడిద కూడా ఎర్రబారితే లోపం మెషీన్‌దో ప్రొఫైల్‌దో. బూడిద సరిగ్గా ఉండి ముఖమే ఎర్రగా ఉంటే ఎడిటింగ్‌ది. మంగళస్నానం ఫోటోల్లో మాత్రం ముఖం పసుపుగా ఉండాల్సిందే, దాన్ని "సరిచేస్తే" చర్మం నీలివైపు పోతుంది.

కస్టమర్ ఫోన్ మన చేతిలో ఉండదు. వివిడ్ మోడ్‌లో చర్మం నారింజవైపు జరుగుతుంది, రాత్రి ఫిల్టర్ పసుపు చేస్తుంది. అప్రూవల్‌కి పంపేటప్పుడే ఫిల్టర్ ఆపి, శాంసంగ్ అయితే `Screen mode`లో `Natural` పెట్టి చూడమని రాయాలి. అంతా చేసినా కాగితం స్క్రీనంత మెరవదు, ఆ మాట అడ్వాన్స్ తీసుకునే రోజే చెప్పాలి.

కోర్సు సర్టిఫికెట్‌కి బదులు ఆ బూడిద చతురస్రం ప్రింట్లు, సరిచేయకముందువీ తర్వాతవీ, ఒక ఫైల్లో పెట్టుకుని ల్యాబ్‌ల్లో కలర్ కరెక్షన్ పనికి అడగమనండి.