డబుల్ పేమెంట్ సంగతి అప్రైజల్ ఫారంలో రాయాలా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక కంపెనీలో అకౌంట్స్ పేయబుల్‌లో ఐదేళ్లుగా చేస్తున్నాను. సీటీసీ 9 లక్షలు. పోయినేడు సెల్ఫ్ అప్రైజల్ నాలుగు లైన్లలో రాసి పంపేశాను, 6 శాతం హైక్ ఇచ్చారు. ఈసారి గట్టిగా రాద్దామంటే, ఒక వెండర్‌కి 2.36 లక్షల బిల్లు రెండుసార్లు కట్టిన తప్పు నా మీదే ఉంది. డబ్బు వెనక్కి వచ్చేసింది. అది రాయాలా, వదిలేయాలా? హోమ్ లోన్ ఈఎంఐ పెంచుదామని ఈ హైక్ మీదే ఆశ పెట్టుకున్నాం. — ఒక పాఠకురాలు

జవాబు: రాయండి. మీ మేనేజర్‌కి అది ఎలాగూ తెలుసు కదా. మీరు రాయకపోతే ఆయన గుర్తుపెట్టుకునేది తప్పుని కాదు, దాచారన్న సంగతిని. దాన్ని ఎక్కడ, ఎలా రాయాలో కాసేపట్లో చెబుతాను, ముందు డబ్బు లెక్క చూద్దాం.

6 శాతం అంటే ఏడాదికి 54,000. అదే 9 శాతం వస్తే 81,000. తేడా 27,000 మాత్రమే, దానికింత టెన్షన్ ఎందుకనిపించొచ్చు. కానీ వచ్చే ఏడాది హైక్ ఈ పెరిగిన జీతం మీద లెక్క కడతారు. ఆ తర్వాత ఏటా 8 శాతం చొప్పున పెరిగిందనుకున్నా, ఈ ఒక్కసారి తేడా ఐదేళ్లలో సుమారు 1,58,000 అవుతుంది. ఒక శని, ఆదివారం కూర్చుని ఫారం నింపడానికి ఆ మాత్రం కారణం చాలు.

మీరు రెండో మెయిల్‌లో వెండర్ పేర్లు తీసేసి ఈ ఏడాది అంకెలు, ఫారం డ్రాఫ్ట్ మాత్రమే పంపారు, మంచి పని చేశారు. ఆఫీసు రిపోర్టులు సొంత మెయిల్‌కి పంపుకున్నందుకే ఉద్యోగానికి ఎసరు తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. లెక్కలు నోట్‌బుక్‌లో రాసుకోండి, ఫైళ్లు మాత్రం ఆఫీసు కంప్యూటర్ దాటకూడదు.

ఇప్పుడు పోయినేడు రాసిన లైను చూడండి: "ఇన్‌వాయిస్‌లన్నీ సకాలంలో ప్రాసెస్ చేశాను." ఇందులో అబద్ధం లేదు, పనికొచ్చేదీ లేదు. మీ మేనేజర్ ఒక్కరే కూర్చుని రేటింగ్ వేయరు. చాలా కంపెనీల్లో మేనేజర్లందరూ ఒక మీటింగ్‌లో కూర్చుని ఎవరికి ఏ రేటింగో తేల్చుకుంటారు, పై రేటింగులు ఇన్నే అన్న పరిమితి కూడా ఉంటుంది. అక్కడ మీరు ఉండరు, మీ తరఫున ఆయన చదవడానికి రెండు వాక్యాలు ఉండాలి. "సకాలంలో" అని చదివితే పక్క మేనేజర్ "మావాళ్లూ అంతే" అంటాడు, కథ అక్కడితో అయిపోతుంది.

మీ అంకెలు చూస్తే ఈ ఏడాది 9,840 ఇన్‌వాయిస్‌లు ఎక్కించారు, పోయినేడు 7,560. అంటే 30 శాతం ఎక్కువ, అదీ జూలైలో టీమ్‌లో ఒకరు మానేశాక. ఆ మానేసిన సంగతి మీరు మెయిల్ చివర్లో ఎక్కడో రాశారు, ఫారంలో అది మొదటి వాక్యంలో ఉండాలి. ఎందుకంటే 9,840 అన్న అంకె ఒక్కటే ఉంటే అది పెద్దదో చిన్నదో ఎవరికీ తెలియదు. పోయినేడు ఎంత, ఎంతమంది చేశారు అన్నవి పక్కన ఉంటేనే దానికి బరువు వస్తుంది.

బిల్లు చేతికొచ్చిన రోజు నుంచి సిస్టమ్‌లో ఎక్కేదాకా పట్టే సమయం దగ్గర మాత్రం జాగ్రత్త. సగటు 6.5 రోజుల నుంచి 3.6 రోజులకు దిగింది, అదంతా మీ ఖాతాలో వేసుకున్నారు. అక్టోబర్‌లో స్కానింగ్ సాఫ్ట్‌వేర్ వచ్చిందని మీరే రాశారు కదా! 3.6 అన్నది జనవరి నుంచి మార్చి వరకు లెక్క. సాఫ్ట్‌వేర్ రాకముందు, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకు సగటు 5.2. మీది అని ధైర్యంగా చెప్పుకోదగ్గది 6.5 నుంచి 5.2 వరకే. పర్చేజ్ ఆర్డర్, అంటే పీఓ నంబర్ లేని బిల్లుల్ని పక్కన పెట్టుకోకుండా అదే రోజు వెండర్‌కి తిప్పి పంపడం మీరు మొదలుపెట్టిన పద్ధతి, దాని ఫలితం అది. మిగతాది సాఫ్ట్‌వేర్‌దని మీరే రాసేయండి. మీటింగ్‌లో ఎవరైనా "అది సాఫ్ట్‌వేర్ వల్ల కదా" అంటే మిగతా అంకెల మీద కూడా నమ్మకం పోతుంది. నేను ఉద్యోగం చేసే రోజుల్లో ఇలాగే టీమ్ మొత్తం తగ్గించిన ఖర్చుని నా పేరున రాసుకున్నాను. మేనేజర్ "ఇందులో నువ్వు చేసిందేంటి?" అని అడిగితే నోట మాట రాలేదు. ఆ ఏడాది నేను నిజంగా చేసిన పనులు కూడా ఆ దెబ్బకు కొట్టుకుపోయాయి.

ఇక మీ డ్రాఫ్ట్‌లో నాకు అసలు నచ్చని లైను: "ఎంఎస్ఎంఈ బిల్లులు క్లియర్ చేసి కంపెనీకి కోటి రూపాయలు ఆదా చేశాను." చేసిన పని చాలా గొప్పది, రాసిన తీరు తప్పు. సూక్ష్మ, చిన్న సంస్థల బిల్లుల్ని రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో కట్టాలి. ఆ గడువు దాటి ఏడాది చివర్లో బాకీ ఉండిపోతే, ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఆ ఖర్చుని ఆ ఏడాది ఒప్పుకోరు, నిజంగా కట్టిన ఏడాదిలోనే ఒప్పుకుంటారు. 2023–24 నుంచి వచ్చిన రూల్ ఇది. పోయిన మార్చి 31కి మీ దగ్గర గడువు దాటినవి 46 బిల్లులు, 1.1 కోట్లు. ఈ మార్చికి 5 బిల్లులు, 6 లక్షలు. కానీ తగ్గిన ఆ 1.04 కోట్లు వెండర్లకు కట్టాల్సిన డబ్బే, అది ఎక్కడికీ ఆదా కాలేదు. దాని మీద పన్ను సుమారు 25 శాతం వేసుకున్నా 26 లక్షలు, అది కూడా పోయే డబ్బు కాదు, ఒక ఏడాది ముందుగా కట్టాల్సి వచ్చి తర్వాత సర్దుబాటయ్యేది. నిజంగా మిగిలింది ఆ 26 లక్షల మీద వడ్డీ, 9 శాతం చొప్పున 2.3 లక్షల దాకా. ఆలస్యమైతే వెండర్లకు చట్టప్రకారం కట్టాల్సిన వడ్డీ వేరే. సీఎఫ్ఓ చదివే ఫారంలో "కోటి ఆదా" అంటే నవ్వుతారు. ఇలా రాయండి:

"మార్చి 31 నాటికి గడువు దాటిన ఎంఎస్ఎంఈ బాకీలు 46 బిల్లుల (1.1 కోట్లు) నుంచి 5 బిల్లులకు (6 లక్షలు) తగ్గాయి. వెండర్ మాస్టర్‌లో ఉద్యమ్ రిజిస్ట్రేషన్ నంబర్లు చేర్చి, 30వ రోజు దాటిన బిల్లుల లిస్టు ప్రతి సోమవారం కొనుగోలు విభాగానికి పంపాను. మిగిలిన 5 బిల్లులు క్వాలిటీ వివాదంలో ఉన్నాయి."

ఇందులో రూపాయి ఆదా అన్న మాటే లేదు, చదివినవాళ్లే లెక్క కట్టుకుంటారు. ఎలా చేశారో ఉంది కాబట్టి ఇది మీ పనేనా అన్న అనుమానం రాదు. మిగిలిపోయిన ఐదింటి గురించి కూడా చెప్పారు కాబట్టి, మిగతా 41 నమ్మబుద్ధేస్తాయి.

సరే, ఆ డబుల్ పేమెంట్. మీరు చెప్పిందాన్ని బట్టి వెండర్ అదే బిల్లుని రెండుసార్లు పంపాడు, ఒకదాని మీద నంబర్ 104/ఎ, ఇంకోదాని మీద 104-ఎ. నంబర్ అచ్చంగా కలిస్తేనే సిస్టమ్ పట్టుకుంటుంది, గీత మారేసరికి వదిలేసింది. మీరూ పీఓలో మిగిలిన బ్యాలెన్స్ చూడకుండా పాస్ చేశారు. వెండర్లు జీఎస్టీలో చూపిన బిల్లుల జాబితా జీఎస్టీఆర్-2బీతో సరిచూసేటప్పుడు ఆ బిల్లు అక్కడ ఒక్కసారే కనిపించి దొరికిపోయింది, పట్టుకున్నదీ మీరే. 52 రోజులకు తర్వాతి బిల్లులో సర్దుబాటు చేశారు. 2.36 లక్షల మీద 52 రోజుల వడ్డీ, 9 శాతానికి, 3,000 అటూఇటూ. కంపెనీకి జరిగిన నష్టం అంతే. అయినా ఆ 3,000 అంకె ఫారంలో వేయకండి, తప్పుని తేలిక చేస్తున్నట్టు ఉంటుంది. ఎవరైనా అడిగితే చెప్పడానికి గుర్తుంచుకోండి చాలు.

దీన్ని అచీవ్‌మెంట్స్ గడిలో "తప్పుని సమర్థంగా సరిదిద్దాను" అని పెట్టకండి, లెర్నింగ్ ఏరియాల్లో పెట్టండి. నాలుగు వాక్యాలు చాలు: ఏం జరిగింది, నేను ఏ చెక్ వదిలేశాను, ఇప్పుడేం చేస్తున్నాను, అది పనిచేస్తోందని ఎలా తెలుస్తోంది. ఆ నాలుగోది చాలామంది రాయరు. మీ విషయంలో అది సిద్ధంగా ఉంది: గీతలు, చుక్కలు తీసేసి నంబర్, మొత్తం, తేదీ పోల్చే ఎక్సెల్ షీట్ పెట్టుకున్నాక కట్టకముందే మూడు డూప్లికేట్లు పట్టుకున్నారు. పక్కనే మొత్తం తప్పుల లెక్క కూడా వేయండి. ఈ ఏడాది దిద్దాల్సి వచ్చిన ఎంట్రీలు 9,840లో 71, అంటే 0.72 శాతం. పోయినేడు 7,560లో 96, 1.27 శాతం. ఒక పెద్ద తప్పు ఉన్నా మొత్తమ్మీద తప్పులు తగ్గాయని అది చూపిస్తుంది.

రెండో లెర్నింగ్ ఏరియాగా మీరు రాసిన "నేను పర్ఫెక్షనిస్ట్‌ని, పని ఎక్కువ మీద వేసుకుంటాను" అన్నది కొట్టేయండి. ఎవరూ నమ్మరు. మీ అంకెల్లోనే అసలైనది ఉంది: 11 బిల్లులు 60 రోజులు దాటి మీ దగ్గరే ఆగాయి, ఎందుకంటే కొనుగోలు విభాగంవాళ్లతో గొడవ ఎందుకని పైకి చెప్పలేదు. అదే రాయండి. "10 రోజులు దాటితే మేనేజర్‌కి చెప్పాలన్న నియమం పెట్టుకుంటున్నాను, దీనికి మీ సపోర్ట్ కావాలి" అని కలపండి. బిల్లు ఇంకా రాని ఖర్చులకు వేసే నెలాఖరు ప్రొవిజన్ ఎంట్రీలు సొంతంగా చేయడం రాదన్నారు కదా, అది మూడోది. ట్రైనింగ్ అడగడానికి అదే చోటు. మూడు దాటొద్దు, ఇది నేరాంగీకార పత్రం కాదు.

ఫారం సబ్మిట్ చేసే ముందు డబుల్ పేమెంట్ పేరా మేనేజర్‌కి నోటిమాటగా చెప్పండి, స్క్రీన్ మీద మొదటిసారి చదివితే ఎవరికైనా చిరాకే. సెల్ఫ్ రేటింగ్ ఐదుకి నాలుగు వేసుకోండి. ఈ అంకెలకు నాలుగు న్యాయంగా నిలుస్తుంది, ఆ తప్పు పెట్టుకుని ఐదు అడిగితే నిలవదు.

ఈఎంఐ మాత్రం ఇప్పుడు పెంచకండి. ఎంత బాగా రాసినా హైక్ బడ్జెట్ మీ చేతుల్లో ఉండదు, ఈసారి కూడా 6 శాతమే రావచ్చు. లెటర్ చేతికొచ్చాక, పీఎఫ్, వేరియబుల్ పోగా నెలకు బ్యాంకులో పడే మొత్తం ఎంత పెరిగిందో రెండు పే స్లిప్‌లు పక్కపక్కన పెట్టి చూడండి, అందులో సగం ఈఎంఐకి కలపండి. లెటర్ జూన్‌లోనో జూలైలోనో వచ్చి ఏప్రిల్ నుంచి అరియర్స్ ఇస్తే, ఆ మొత్తాన్ని నేరుగా అసలులో కట్టేయండి. ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్ అయితే ముందుగా కట్టినందుకు మీకు ఛార్జీ పడదు.