గేట్ డీఏ: మూడు నెలల్లో ముందు ఏది?

“సార్, రోజూ ఆమదాలవలస నుంచి విజయనగరానికి రైల్లో ఉద్యోగానికి వెళ్తాను. గేట్ డీఏ, అంటే డేటా సైన్స్, ఏఐ పేపర్‌కి మూడు నెలలే ఉన్నాయి. మెషీన్ లెర్నింగ్ ముందా, గణితం ముందా?”

గణితమే ముందు పెట్టుకోండి, అందులోనూ సంభావ్యత, లీనియర్ ఆల్జీబ్రా. ఎందుకంటే మెషీన్ లెర్నింగ్ ప్రశ్నల్లో చాలావరకు వాటి లెక్కలే వేషం మార్చుకుని వస్తాయి.

ఉదాహరణకు, కోవేరియెన్స్ మాత్రికలో వికర్ణం మీద 2, 2, మిగిలిన రెండు చోట్లా 1 ఉన్నాయనుకోండి. మొదటి ప్రిన్సిపల్ కాంపొనెంట్ మొత్తం విస్తృతిలో ఎంత భాగాన్ని పట్టుకుంటుందని అడుగుతారు. ఐగెన్ విలువల మొత్తం వికర్ణం మొత్తానికి, అంటే 4కి, వాటి లబ్ధం డిటర్మినెంట్‌కు, అంటే 3కి సమానం కనుక అవి 3, 1. జవాబు 75 శాతం. ఇది రెండు నిమిషాల్లో తేలకపోతే లోపం పీసీఏలో లేదు, ఐగెన్ విలువల్లో ఉంది. అక్కడికే తిరిగి వెళ్లండి. నైవ్ బేస్ తడబడితే షరతు సంభావ్యతకూ అంతే.

పైథాన్ కోడ్ అవుట్‌పుట్ ప్రశ్నలను రోజూ కాసిని కాగితం మీద చేయండి. ఎస్‌క్యూఎల్‌ను రైలు ప్రయాణానికి వదలండి. మాత్రికలు ఆ కుదుపుల్లో సాగవు. డేటా వేర్‌హౌసింగ్‌కు చివరి వారం చాలు. 15 మార్కుల జనరల్ ఆప్టిట్యూడ్‌ను మాత్రం వదలవద్దు. సంఖ్యారూప జవాబు ప్రశ్నలకు రుణాత్మక మార్కులు లేవు కనుక వాటిని ఖాళీగా ఉంచకండి.