టెక్ సందేహాలు: ముఖాన్ని కాదు, మిగతా ఫోటోను వెతకండి

ప్రశ్న: మా చెల్లి ముఖాన్ని వేరే అమ్మాయి ఒంటికి అతికించిన ఫోటో ఒకటి బంధువుల వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. అది నకిలీదని ఎలా తేల్చాలి? ఫోటో ఎలా తయారైందో తెలిపే CR గుర్తు దానికి లేదు కాబట్టి నకిలీదే అనవచ్చా?

జవాబు: అనకూడదు. మీ ఫోనులోని నిజమైన ఫోటోల్లో కూడా చాలావాటికి ఆ గుర్తు ఉండదు. ఇలాంటి ఉత్తరాలు రాసేవారిలో ఎక్కువమంది ఫోటోను పెద్దది చేసి కళ్లను, పెదవులను పరిశీలిస్తూ కూర్చుంటారు. ముఖం మార్చే ప్రోగ్రాములు అన్నిటికంటే శ్రద్ధగా తయారుచేసేది ఆ భాగాన్నే. చూడవలసింది అంచులను.

ఈ ప్రోగ్రాములు వేరొకరి ఫోటోలో కళ్లు, ముక్కు, నోరు ఉన్న చోట్లను గుర్తించి, అదే భంగిమలో కొత్త ముఖాన్ని ఒక చిన్న చతురస్రంగా తయారుచేసి, కనుబొమ్మల పైనుంచి గడ్డం దాకా ముసుగులా అతికించి, అంచులను మసకబరుస్తాయి. ఉచితంగా దొరికే ఒక మోడల్‌లో ఆ చతురస్రం పొడవు, వెడల్పు 128 పిక్సెళ్లే. దాన్ని సాగదీసి నునుపు చేస్తారు కాబట్టి మెడ మీద కనిపించే చర్మపు గరుకుదనం బుగ్గ మీద ఉండదు. నుదుటి మీద పడిన జుట్టు పాయ, కళ్లజోడు ఫ్రేము, నోటికి అడ్డంగా ఉన్న వేలు ముసుగు అంచు దగ్గర తెగిపోతాయి లేదా కరిగిపోతాయి. చెవులు, మెడ, జుట్టు మాత్రం సాధారణంగా అసలు ఫోటోలోని మనిషివే. చెవి తమ్మె ఆకారాన్ని, మెడ మీది పుట్టుమచ్చలను మీ చెల్లి ఫోటోలతో పోల్చి చూడండి.

ఒక్క నునుపుదనాన్ని నమ్ముకుంటే మాత్రం మోసపోతారు. అడగకుండానే ముఖాలకు మెరుగులు దిద్దే ఫోను కెమెరాలు నిజమైన ఫోటోలను కూడా అతుకు వేసినట్టు చూపిస్తున్నాయి. ఆ సదుపాయాన్ని ముందే ఆన్ చేసి అమ్మడాన్ని నేను బాధ్యతారాహిత్యమే అంటాను. పైగా వాట్సాప్ ఫోటోను కుదించినప్పుడు చర్మపు వివరాలు చాలావరకు చెరిగిపోతాయి.

అన్నిటికంటే గట్టి రుజువు వేరే ఉంది. అతికించిన ముఖం కింద చాలాసార్లు ఒక నిజమైన ఫోటో ఉంటుంది, అది ఇంటర్నెట్‌లో ఎక్కడో ఉండే అవకాశమూ ఎక్కువ. 2023 నవంబరులో రష్మిక మందన్న పేరిట లిఫ్టు వీడియో వ్యాపించినప్పుడు, ముఖం వేరొకరిదిగా ఉన్న అసలు వీడియో దొరకడంతోనే నిజం తేలింది. ఆ కేసులో 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు అరెస్టు చేసిన యువకుడు గుంటూరు జిల్లావాడే. మీరు కూడా ముఖాన్ని కత్తిరించేసి, దుస్తులు, వెనుక ఉన్న గోడ, ఫర్నిచరు మాత్రమే కనిపించే ముక్కతో చిత్రశోధన చేయండి. దొరకకపోతే ఎడమను కుడిగా తిప్పి మళ్లీ వెతకండి, ఎందుకంటే శోధనకు చిక్కకుండా ఫోటోను అద్దంలో చూసినట్టు తిప్పడం మోసగాళ్లకు అలవాటు.

ముఖాన్ని కత్తిరించమన్నది శోధన బాగా సాగడానికి మాత్రమే కాదు. నకిలీని పట్టిస్తామంటూ ఎవరు నడుపుతున్నారో తెలియని వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి. వాటికి ఆ ఫోటో ఇస్తే, ఎవరి పరువు కోసం మీరు పోరాడుతున్నారో ఆ అమ్మాయి చిత్రాన్నే మరో అపరిచితుడి సర్వరులో పెట్టినట్టవుతుంది. వారిచ్చే ‘87 శాతం నకిలీ’ వంటి అంకెకు ఆధారమేమిటో కూడా తెలియదు. నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఈ రెండో గాయమే.

ఇక CR గుర్తు. దాని వెనుక ఉన్న ప్రమాణం C2PA. కెమెరా గానీ ఎడిటింగ్ ప్రోగ్రాము గానీ ఫోటో చరిత్రను ఫైలులోనే రాసి, పిక్సెళ్ల నుంచి లెక్కగట్టిన, వేలిముద్ర వంటి హాష్‌తో ముడిపెట్టి, డిజిటల్ సంతకం చేస్తుంది. తర్వాత ఎవరైనా పిక్సెళ్లను మారిస్తే పరీక్షలో `assertion.dataHash.mismatch` అని వస్తుంది. నిజాయితీగా నడిచే ఎడిటర్‌లో మరో చిత్రాన్ని తెచ్చి అతికిస్తే చరిత్రలో `c2pa.placed` అని నమోదవుతుంది. ఫైలును contentcredentials.org/verify లో గానీ కంప్యూటర్‌లో c2patool అనే ప్రోగ్రాముకు ఈ ఆదేశం ఇచ్చి గానీ చూడవచ్చు. రెండో పద్ధతిలో ఫోటో మీ చేయి దాటదు.

```
c2patool photo.jpg
```

అయితే మోసగాడు సంతకం చేయడు, వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలో ఆ చరిత్ర మిగలదు. సంతకం ఉన్నా ప్రతిదీ నిజమని కాదు: 2025లో ఒక కెమెరాలో రెండు దృశ్యాలను ఒకే ఫ్రేములో కలిపే సదుపాయం ద్వారా, సంతకం లేని చిత్రానికి కూడా సంతకం వేయించవచ్చని బయటపడింది. తయారీదారు అప్పటిదాకా ఇచ్చిన సర్టిఫికెట్లను రద్దు చేయవలసి వచ్చింది. ఫోటోలను కలిపే సదుపాయాన్నీ సంతకం చేసే సదుపాయాన్నీ ఒకే యంత్రంలో పెట్టినవారికి ఈ దారి ముందే తోచకపోవడం ఆశ్చర్యం.

కాబట్టి మీ పనిలో ఈ గుర్తు ఉపయోగపడేది వెతికి పట్టుకున్న అసలు ఫోటోకు అది ఉన్నప్పుడే. అప్పుడు ఆ ఫోటోకు ఎవరు, ఎప్పుడు సంతకం చేశారో చూపవచ్చు. ఈలోగా గ్రూపులో మొదట పంపినవారిని ఆ ఫైలును ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపమనండి, వచ్చినదాన్ని తెరిచి సేవ్ చేయకుండా అలాగే భద్రపరచండి, స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టుకోకండి. సైబర్ క్రైమ్ పోర్టల్ cybercrime.gov.in లో ఫిర్యాదు చేసేటప్పుడు ఆ ఫైలుతో పాటు మీకు దొరికిన అసలు ఫోటో లింకును జతచేయండి.